బిందె మీద కాదు, తూము మీద రాయండి

జంపని రచ్చబండ దగ్గర ఆడే వీధినాటకానికి నీటి పొదుపు కథ రాయమంటే, రాసేవాళ్లు ముందుగా ఆడమనిషి చేతిలో బిందె పెడతారు. కుళాయి కట్టెయ్యలేదని ఆమెను తిట్టిస్తారు, చివర్లో ఆమె చేత చెంపలు వేయిస్తారు. కాలువ గట్ల మీద బతికే యానాదులం, ఈ కథను మేం ఒప్పుకోం.

జంపని కృష్ణా పశ్చిమ డెల్టా ఊరు. ఇక్కడ నీరు ఎక్కువగా పోయేది వరిమడికి. ఒక ఎకరంలో అంగుళం ఎత్తున నీరు నిలిపితే లక్ష లీటర్లు దాటుతుంది. 15 లీటర్ల బిందెతో లెక్కేస్తే సుమారు 6,850 బిందెలు. ఒక పాత్ర బిందెను జనం మధ్య దించి ఈ లెక్క చెబితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

తర్వాత రైతు రావాలి. అతని చేతికి చిల్లులు పొడిచిన గొట్టం ఇవ్వండి. దాన్ని మడిలో పాతి, లోపలి నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ తడి పెట్టొచ్చు. నాటిన కొత్తలో, పూత దశలో మాత్రం నీరు నిలపాలి.

అప్పుడు శివారు రైతు లేచి అడగాలి: "ఇవాళ తూము మూస్తే రేపు నాకు నీళ్లొస్తాయా?" మైకు ఉండదు, చుట్టూ జనం. కాబట్టి నాలుగు దిక్కులకూ తిరిగి నాలుగుసార్లు అడగాలి. అసలు నాటకం అక్కడుంది. ఎగువవాడు వంతు తప్పితే, దిగువవాడు దొరికినప్పుడే మడి నింపుకోక ఏం చేస్తాడు? ఎగువ రైతు పాత్ర జనం ముందే జవాబు చెప్పాలి. ఆ జవాబు రాసే ధైర్యం లేకపోతే నాటకం మానండి. మా బిందె జోలికి మాత్రం రావద్దు.