గ్రాట్యుటీ డబ్బంతా ఒకే రసీదులో పెట్టవద్దు



మిల్లు నుండి దిగిపోయేనాడు చేతికొచ్చే గ్రాట్యుటీ, పి.ఎఫ్. సొమ్మును మనలో చాలామంది నేరుగా బ్యాంకుకు తీసుకెళ్ళి, ఎక్కడ వడ్డీ ఎక్కువ ఉంటే ఆ గడువుకు ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేసేస్తున్నారు. ఇది సరైన పద్ధతి కాదని మా అభిప్రాయం.

షోలాపూర్‌లో రిటైరైన ఒక సోదరుడు తన మూడు రసీదులు తెచ్చి చూపించాడు. ఏడాది గడువుకు 50 వేలు, వడ్డీ 6.4 శాతం. రెండేళ్ళకు లక్ష, 6.8 శాతం. మూడేళ్ళకు లక్షన్నర, 7 శాతం. మొత్తం మూడు లక్షలు. మూడు రేట్లూ కూడి మూడుతో భాగిస్తే 6.73 వస్తుంది గాని అది తప్పుడు లెక్క. ఎందుకంటే మూడు రసీదుల్లో సొమ్ము సమానంగా లేదు. ఏ రసీదుకు ఆ రసీదు వడ్డీ కట్టాలి: 3,200, 6,800, 10,500. మొత్తం 20,500 రూపాయలు. మూడు లక్షల మీద ఇది 6.83 శాతం.

మూడు లక్షలూ మూడేళ్ళకే వేస్తే ఏడాదికి 21,000 వచ్చేది. అంటే మొదటి ఏడాది అతడు వదులుకున్నది 500 రూపాయలు.

మరి దేనికోసం వదులుకున్నట్టు? సరిగ్గా ఏడాదికి బిడ్డ పెళ్ళికి 50 వేలు కావలసి వచ్చిందనుకోండి. ఒకే రసీదు ఉంటే దాన్ని విరగ్గొట్టాలి. అప్పుడు బ్యాంకు 7 శాతం ఇవ్వదు. డబ్బు ఉన్న గడువుకు, అంటే ఏడాదికి, డిపాజిట్ చేసిన రోజున ఉన్న 6.4 శాతం తీసుకుని, అందులో జరిమానా కోస్తుంది. ఒక శాతం కోత అనుకుంటే చేతికొచ్చేది 5.4 శాతం, అంటే 16,200. నష్టం 4,800. ఈ సోదరుడికైతే 50 వేల రసీదు ఆనాటికే పండింది, మిగతా రెండూ చెక్కుచెదరవు.

డిపాజిట్ మీద అప్పు తీసుకోవచ్చు కదా అంటారు. నిజమే. డిపాజిట్ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువకు దొరుకుతుంది. నాలుగు నెలల్లో తీర్చగలిగితే అదే మేలు. పెళ్ళి ఖర్చు తిరిగి వచ్చేది కాదు, దానికి పండిన రసీదే కావాలి.

పండిన రసీదు అవసరం లేకపోతే మళ్ళీ మూడేళ్ళకు వేయాలి. అలా చేస్తూ పోతే అన్నీ మూడేళ్ళ రేటులోకి వస్తాయి, అయినా ఏటా ఒకటి పండుతుంది. ఆ రోజున రేటు తగ్గి ఉంటే తగ్గిన రేటే దొరుకుతుంది, అది మన చేతిలో లేదు.

రసీదు మీద ‘ఆటో రెన్యూవల్’ అని ఉందేమో తప్పక చూడండి. ఉంటే, పండిన రోజున మీరు వెళ్ళకపోయినా బ్యాంకు దాన్ని పాత గడువుకే మళ్ళీ కట్టేస్తుంది. తరువాత తీస్తే మళ్ళీ కోతే. గడువు తేదీలు ఇంటి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చూపించండి.