టమాటా ఎరుపు తగ్గిందని వచ్చాడు

మొన్న ఎండాకాలంలో పలమనేరులోని నా క్లినిక్‌కి ఓ కుర్రాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి. టమాటా మండీలో కాయలు ఏరి గ్రేడింగ్ చేసే పని.

"సార్, కుడికంటితో చూస్తే పండుకాయ కూడా దోరకాయ మాదిరి కనిపిస్తా ఉంది. నిన్న మా ఓనరు తిట్టినాడు" అన్నాడు.

ఐదురోజుల ముందు నొప్పి మొదలైందట. కన్ను ఊరికే ఉంటే ఏమీ లేదు, పక్కకి తిప్పితేనే లోపల గుంజుతుంది. రాత్రి రెండింటిదాకా రీల్స్ చూస్తే ఇంతేలే అనుకున్నాడు. (మీరైనా అదే అనుకునేవాళ్లు.) మూడోరోజుకి ఆ కంటికి మంచు కమ్మినట్టయింది. అద్దాల షాపుకెళ్తే ఏ నంబరు పెట్టినా అక్షరం తేటపడలేదు.

నా దగ్గర ఎడమకన్ను చార్టు చివరి వరుసదాకా చదివేసింది. కుడికన్ను పైనున్న పెద్ద అక్షరం దగ్గరే ఆగిపోయింది. కంట్లో ఎరుపు లేదు, ఊసి లేదు.

గది చీకటి చేసి టార్చి తీశాను. ఎడమకంట్లో వెలుగు వేస్తే రెండు కనుపాపలూ చిన్నవయ్యాయి. అదే వెలుగు కుడికంటికి మార్చగానే రెండూ పెద్దవయ్యాయి. అంటే కుడికంటి నరం వెలుగు సంగతిని మెదడుకి సరిగ్గా చేరవేయడం లేదు. ఇది మనిషి కావాలని చేయగలిగేది కాదు. తర్వాత చుక్కలు వేసి లోపల చూస్తే నరం మొదలు మామూలుగానే ఉంది. ఈ జబ్బులో ముగ్గురిలో ఇద్దరికి అంతే, వాపు కంటిగుడ్డు వెనక ఉంటుంది. పేషెంటుకీ ఏమీ కనపడదు, డాక్టరుకీ ఏమీ కనపడదని మాలో ఒక పాత జోకు.

దీన్ని ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. కంటినరం నిజానికి మెదడులోంచి సాగివచ్చిన ముక్క. కరెంటు వైరుకి తొడుగున్నట్టు దానికి మైలిన్ అనే పొర ఉంటుంది. మన రోగనిరోధక శక్తే పొరపాటున ఆ పొరని కొరికేస్తే సంకేతం మందగిస్తుంది. ముందు రంగులు వెలిసిపోతాయి, అందులోనూ ఎరుపు. కన్ను తిప్పే కండరాలు వెనక ఆ నరం తొడుగుకి ఆనుకునే మొదలవుతాయి కాబట్టి, తిప్పినప్పుడల్లా వాచిన నరం లాగుతుంది.

వాడి జేబులో మెడికల్ షాపువాళ్లిచ్చిన స్టెరాయిడ్ మాత్రలు కనిపించాయి. ఇంకా వేసుకోలేదు, బతికించాడు! 1992లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. స్టెరాయిడ్‌ని మొదట ఎక్కువ మోతాదులో రక్తనాళంలోకి ఎక్కిస్తే చూపు త్వరగా వస్తుంది. మామూలు మోతాదు మాత్రలు మాత్రమే ఇచ్చినవాళ్లలో జబ్బు ఎక్కువమందికి తిరగబెట్టింది.

ఆ సాయంత్రమే వేలూరు పంపించాను. అక్కడ షుగరు, ఇన్ఫెక్షన్లు చూసుకుని రోజుకి గ్రాము చొప్పున మూడురోజులు ఎక్కించారు. మెదడుకి ఎమ్మారై తీశారు. ఆక్వాపోరిన్, మాగ్ అనే రెండు యాంటీబాడీలకి రక్తపరీక్ష చేశారు. ఈ రక్తపరీక్ష మనదేశంలో వదలకూడదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి వాడే కొన్ని మందులు ఆక్వాపోరిన్ రకం జబ్బుని ఇంకా ముదరబెడతాయి.

యాంటీబాడీలు రెండూ లేవు. ఎమ్మారైలో మాత్రం మెదడులో రెండు తెల్లమచ్చలున్నాయి.

అసలు సంగతి ఆ మచ్చలే. ఆ అమెరికా పేషెంట్లని 15 ఏళ్లు గమనించారు. మొదటి ఎమ్మారైలో మచ్చ లేనివాళ్లలో నూటికి 25 మందికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చింది. ఒక్క మచ్చైనా ఉన్నవాళ్లలో 72 మందికి. అంటే వచ్చితీరుతుందని కాదు. ఆ లెక్కలు ఇప్పటి మందులు లేని రోజుల్లో మొదలైనవి కూడా. ఇప్పుడు దాడులు తగ్గించే మందులున్నాయి. కానీ అవి జరిగిన నష్టాన్ని పూడ్చవు, జరగబోయేదాన్ని తగ్గిస్తాయంతే.

రెండు నెలలకి వాడికి చూపు దాదాపు పూర్తిగా వచ్చేసింది. మధ్యలో ఒకసారి ఎండలో క్రికెట్ ఆడుతుంటే మళ్లీ మసకబారిందని కంగారుగా ఫోన్ చేశాడు. నీడలో కూర్చుంటే పావుగంటలో సర్దుకుంది. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరం కాసేపు మందగిస్తుంది. 1890లోనే ఊథాఫ్ అనే జర్మన్ డాక్టరు రాసిపెట్టాడు. అది కొత్త దాడి కాదు. రోజంతా తగ్గకపోతే మాత్రం వెంటనే రమ్మన్నాను.

పోయిన వారం వాళ్లమ్మ ఒక్కతే వచ్చింది. "చూపు వచ్చేసినాది కదా సార్, ఇంక స్కానింగు, మందులు ఎందుకు? సంబంధాలు చూస్తా ఉండాము, నలుగురికీ తెలిస్తే ఎట్ల?" అంది. ఎమ్మారై ఫిల్మ్ వెలుగులో పెట్టి ఆ రెండు మచ్చలూ చూపించాను. చాలాసేపు చూసి, "నొప్పి లేదంటాడే" అంది. అవి నొప్పి పెట్టవమ్మా అన్నాను.

సోమవారం వాణ్ణి తీసుకొస్తానంది.