ఆ రెండు నెలలు వేసవి సెలవులే

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

విద్యాహక్కు చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం 5, 8 తరగతుల్లో తప్పిన పిల్లలకు అదనపు బోధన చేసి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లోగా మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఆపవచ్చా లేదా అన్నది రాష్ట్రాల ఇష్టం. మన దగ్గర ఫలితాలు ఏప్రిల్ చివర్లో వస్తాయి, బడి జూన్‌లో తెరుస్తారు. మరి ఆ అదనపు పాఠం ఎవరు, ఎప్పుడు చెప్పాలండీ?

నా ఐదో తరగతిలో ఒక పాప 52లోంచి 17 తీసేస్తే 45 అని రాసింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రెండు, మూడు తరగతుల్లోనే రావాలి. ఆమెను ఐదులోనే ఆపితే మళ్లీ అవే భిన్నాలు చెబుతాం. తీసివేత మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆరుకు పంపినా అంతే, ఒప్పుకుంటాను.

అందుకే వెనకబడిన పిల్లలను నవంబరులోనే గుర్తించి, రోజుకో గంట కేటాయించి, ఆ పాఠాలకు మనిషిని ఇవ్వండి. ఏం చెప్పామో రాసి పెడతాం, తనిఖీ చేయండి. ఆ రికార్డు లేని బడి ఏ బిడ్డనూ ఆపకూడదని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు