ఓడ ఎందుకు కదలలేదు?

గేమ్ జామ్ ముగిశాక ఏ టీమును అడిగినా "టైమ్ చాలలేదు" అంటారు. నేను ఒప్పుకోను. చివరి గంటల్లో బయటపడే చిక్కులు చాలావరకు మొదటి రోజే ఆటలో చేరిపోయి ఉంటాయి. ఆట తాను పుట్టిన కంప్యూటర్ దాటి బయటికి వెళ్లేదాకా అవి కనబడవు, అంతే. మా ఆట సంగతి చెబితే ఈ మాట ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

గేమ్ జామ్ అంటే ఇచ్చిన గడువులో, ఇచ్చిన అంశం మీద ఒక చిన్న కంప్యూటర్ ఆట తయారు చేయడం. మేం చేరిన దానికి గడువు 48 గంటలు, శుక్రవారం సాయంత్రం 6 నుంచి ఆదివారం సాయంత్రం 6 వరకు. మేం ముగ్గురం, ముగ్గురి ఇళ్లూ బతు బస్తీలోనే. నాది కోడ్, ఒక స్నేహితురాలిది బొమ్మలు, ఇంకో స్నేహితుడిది శబ్దాలు. గొడాట్ అనే ఉచిత ఇంజిన్‌లో చేశాం.

ఆట మనందరికీ తెలిసిన కథే. నాన్నకు బదిలీ అయింది, విశాఖ ఓడ హాడో జెట్టీలో నిలబడి ఉంది. అట్టపెట్టెలన్నీ ఓడలోకి సర్దాలి. సైరన్ మోగగానే ఓడ కదులుతుంది, జెట్టీ మీద మిగిలిపోయిన పెట్టెల్ని బట్టి మార్కులు పోతాయి. బొమ్మలు వేసే అమ్మాయికి అప్పటికే నిజంగానే బదిలీ ఖాయమైంది. పరీక్షలవగానే వాళ్లు విశాఖ వెళ్లిపోతారు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని చేసే ఆట ఇదే చివరిది కాబట్టి, ఇది సగంలో ఆగిపోవడం మాకెవరికీ ఇష్టం లేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు నా విండోస్ కంప్యూటర్‌లో ఆట చక్కగా నడుస్తోంది. 3:20కి దాన్ని బ్రౌజర్‌లో ఆడే రూపంలోకి మార్చి, itch.io లో పెట్టి తెరిచాం. పెట్టెలు కదిలాయి. సమయం అయిపోయింది. సైరన్ మోగలేదు, ఓడ కదలలేదు. ఆట అక్కడే బొమ్మలా నిలబడిపోయింది.

మొదటి అనుమానం బ్రౌజర్ మీదకు పోయింది. ఆడేవాళ్లు ఒకసారి క్లిక్ చేసేదాకా బ్రౌజర్లు సాధారణంగా పేజీని తనంతట తాను శబ్దం చేయనివ్వవు. అందుకని ముందు "మొదలుపెట్టు" అనే బటన్ ఒకటి పెట్టాం. నేపథ్య సంగీతం వచ్చింది, సైరన్ మాత్రం రాలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోదగ్గది. శబ్దాలన్నీ పోతే బ్రౌజర్‌ను అనుమానించాలి. ఒక్కటే పోతే ఆ ఒక్క ఫైల్‌ను చూడాలి.

బ్రౌజర్‌లో F12 నొక్కితే ఒక పక్కన లోపాల జాబితా తెరుచుకుంటుంది. అందులో ఎర్రటి వరుసలో సైరన్ ఫైల్ పేరు ఉంది. కోడ్‌లో ఆ భాగం ఇది:

```
var siren = "horn"
$Horn.stream = load("res://sounds/" + siren + ".ogg")
$Horn.play()
await $Horn.finished
ship_leaves()
```

ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ పేరు `Horn.ogg`. శబ్దం రికార్డు చేసిన ఫోన్ మొదటి అక్షరాన్ని తనే పెద్దది చేసింది. విండోస్‌కు `Horn`, `horn` రెండూ ఒకటే, అందుకే నా దగ్గర రెండు రోజులూ మోగింది. గొడాట్ ఆటను బయటికి పంపేటప్పుడు ఫైళ్లన్నిటినీ ఒకే మూటలో కడుతుంది. ఆ మూట లోపల పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. `horn.ogg` అని వెతికితే అక్కడ అలాంటి ఫైలే లేదు. మన తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాల గొడవే లేదు, ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టుకుంటే పోయేదని మా శబ్దాలవాడు నవ్వాడు!

ఫైల్ దొరకకపోతే సైరన్ ఒక్కటే కదా పోవాలి, ఓడ ఎందుకు ఆగింది? నాలుగో వరుస చూడండి. "సైరన్ పూర్తయ్యేదాకా ఆగు" అని ఉంది. అసలు మొదలే కాని సైరన్ ఎప్పటికీ పూర్తి కాదు. ఒక్క అక్షరం తేడా వల్ల ఆటకు ముగింపే లేకుండా పోయింది. శబ్దం ఆటకు అలంకారంగానే ఉండాలని, ఆట నడక దాని మీద ఆధారపడకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ వరుస తీసేసి, సైరన్ మోగినా మోగకపోయినా నాలుగు సెకన్లకు ఓడ కదిలేలా టైమర్ పెట్టాం.

ఫైల్ పేరు మార్చడంలోనూ ఒక మెలిక ఉంది. `Horn` ను `horn` చేస్తే విండోస్‌కు అసలేమీ మారినట్టు అనిపించదు, కొన్నిసార్లు పాత పేరే నిలిచిపోతుంది. అందుకని పూర్తిగా వేరే పేరు, `ship_siren.ogg` అని పెట్టి, కోడ్‌లో ఆ వరుసనూ మార్చాం. పేరు మార్చేటప్పుడు గొడాట్ లోపలే మార్చాలి, బయట ఫోల్డర్‌లో మారిస్తే ఇంజిన్ తన లెక్కలు తప్పుతుంది.

అప్పటికి 4:50. ఇక మిగిలింది అప్‌లోడ్. చెన్నై నుంచి మన దీవులకు సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు అంతా ఉపగ్రహం మీదే నడిచేదని పెద్దవాళ్లు చెబుతారు. కేబుల్ ఉన్నా ఆ సాయంత్రం మాకు దొరికింది ఫోన్ హాట్‌స్పాట్, సెకనుకు అర మెగాబిట్. మా ఆట 43 మెగాబైట్లు. ఒక మెగాబైట్‌కు ఎనిమిది మెగాబిట్లు, అంటే మొత్తం 344. అర చొప్పున పోతే దాదాపు పదకొండున్నర నిమిషాలు. చిన్న దిద్దుబాటు చేసినా మొత్తం మళ్లీ పంపాల్సిందే. గంటలో ఎన్నిసార్లు ప్రయత్నించగలమో మీరే లెక్కేసుకోండి.

బరువంతా ఎక్కడుందో వెతికితే మూడు నిమిషాల నేపథ్య సంగీతంలో దొరికింది. అది WAV రూపంలో 32 మెగాబైట్లు. దాన్నే OGG రూపంలోకి మారిస్తే 3 మెగాబైట్లయింది, చెవికి తేడా తెలియలేదు. ఆట మొత్తం 14కు దిగింది, అప్‌లోడ్ నాలుగు నిమిషాలకు దిగింది. 5:40కి బ్రౌజర్‌లో సైరన్ మోగింది, ఓడ కదిలింది.

ఇందులో ఏ చిక్కూ ఆదివారం పుట్టింది కాదు. ఫైల్ పేరు శుక్రవారం రాత్రిదే, సంగీతం శనివారం ఉదయానిది. అందుకే నా వాదన ఇది: మొదటి గంటలోనే, ఒక్క పెట్టె, ఒక్క శబ్దం మాత్రమే ఉన్న ఆటను బయటికి పంపి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. బోలెడు పనుండగా దానికి ఇరవై నిమిషాలు ఎందుకని శబ్దాలవాడు ఇప్పటికీ వాదిస్తాడు. 2002 నుంచి జరుగుతున్న లూడమ్ డేర్ జామ్‌లో గడువు ముగిశాక కూడా ఆటను మూటగట్టి పంపడానికి విడిగా ఒక గంట ఇస్తారు, అన్ని జామ్‌లూ అలా ఇస్తే చాలు కదా అంటాడు. ఆ గంట మంచిదే. కానీ ఏది విరిగిందో కనిపెట్టడానికే మాకు గంటన్నర పట్టింది. పైగా శుక్రవారం ఆటలో ఒకే ఒక్క శబ్దం ఉన్నప్పుడు అది మోగకపోతే వెతకడానికి ఒక్క ఫైలే ఉంటుంది. ఆదివారానికి అవి ఇరవై మూడు.

ఒకటి మాత్రం అలాగే మిగిలింది. ఫోన్‌లో ఆడితే పెట్టెలు మరీ చిన్నవిగా కనబడి వేలికి అందవు, ఆ సంగతి గడువు దాటాక తెలిసింది. బొమ్మలమ్మాయి ఇప్పుడు విశాఖలో ఉంది, తన దగ్గర కంప్యూటర్ లేదు, ఫోనే ఉంది. వచ్చే జామ్‌లో మొదటి గంట ఆటను తెరిచి చూసేది తన ఫోన్‌లోనే అని ముగ్గురం అనుకున్నాం.