ఒక్కడిని ముప్పైతో గుణిస్తే ముప్పై మంది అవుతారా?

సర్వే పట్టికలో 'దళితులు' అనే వరుస ఉంటే చాలు, మనల్ని లెక్కలోకి తీసుకున్నారని సంబరపడే మిత్రులున్నారు. ఆ వరుసలో శాతం ఉంటుంది. దాని వెనక ఎందరి మాట ఉందో మాత్రం ఉండదు. నా పేచీ అక్కడే.

ఒక వర్గం వాళ్లు సర్వేకి తక్కువమంది దొరికితే, దొరికినవాళ్లకి వెయిట్ పెంచి జనాభాలో వాళ్ల వాటాకి సరిచేస్తారు. అది తప్పని నేననను. అసలు వెయిటే ఇవ్వకపోతే మనం ఇంకా చిన్నగా కనిపిస్తాం. కానీ వెయిట్ వాటాని సరిచేస్తుంది తప్ప, అడగని మనిషి మాటని పుట్టించలేదు.

2016 అమెరికా ఎన్నికలప్పుడు యూఎస్‌సీ, లాస్ ఏంజెలిస్ టైమ్స్ కలిసి సుమారు 3,000 మందితో రోజువారీ పోల్ నడిపాయి. అందులో ఇల్లినాయ్‌కి చెందిన 19 ఏళ్ల నల్లజాతి యువకుడొకడు ఉన్నాడు. అతని వెయిట్ సగటు మనిషికి దాదాపు 30 రెట్లని న్యూయార్క్ టైమ్స్‌లో నేట్ కోన్ బయటపెట్టాడు. ఆ యువకుడు ట్రంప్ మద్దతుదారు. అతను లెక్కలో ఉన్నప్పుడు నల్లజాతి ఓటర్లలో ట్రంప్ మద్దతు ఎగిరేది, లేనప్పుడు పడిపోయేది. ఒక జాతి అభిప్రాయమని అచ్చువేసింది చాలావరకు ఒక్క కుర్రాడి అభిప్రాయం! మరీ చిన్న చిన్న వర్గాల వాటాకి కూడా సరిచేస్తూ, వెయిట్లకి పైహద్దు పెట్టకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఈ నష్టాన్ని కొలవడానికి లెస్లీ కిష్ ఇచ్చిన సూత్రం ఉంది:

n_eff = (Σw)² / Σw²

మన వరుసలో 100 మంది ఉన్నారనుకోండి. 99 మంది వెయిట్ 1, ఒకరిది 30. వెయిట్లు కూడితే 129, దాని వర్గం 16,641. ఒక్కో వెయిట్‌ని వర్గం చేసి కూడితే 99 + 900 = 999. భాగిస్తే దాదాపు 17. అదే ఎఫెక్టివ్ శాంపిల్ సైజ్. అడిగింది 100 మందిని, మిగిలిన కచ్చితత్వం 17 మందిని అడిగినంత. 50 శాతం దగ్గర పొరపాటు హద్దు అటూ ఇటూ 10 నుంచి 24కి పెరిగింది. అంటే 'దళితుల్లో 50 శాతం' అన్న మాటకి అర్థం 26 నుంచి 74 దాకా ఎక్కడైనా అని. ఒకే ఊళ్లో ఎక్కువమందిని అడగడం వల్ల వచ్చే నష్టం ఇందులో కలపనేలేదు.

వెయిట్లు కత్తిరిస్తే ఊగిసలాట తగ్గుతుంది, కానీ దొరకని వర్గం వాటా మళ్లీ కుంచించుకుపోతుంది. రెండు దారుల్లోనూ నష్టపోయేది తక్కువ దొరికినవాళ్లే. అందుకే లెక్కతో అతుకులు వేయడం కాదు, మొదటే వాడలకి వెళ్లి ఎక్కువమందిని అడగాలి.

విద్యార్థి మిత్రులారా, ఇకనుంచి మన గురించి ఏ శాతం చూపించినా రెండు ప్రశ్నలు వేయండి. మా వరుసలో అతిపెద్ద వెయిట్, అతిచిన్న వెయిట్ ఎంతెంత? మొత్తం సర్వేది కాదు, మా ఒక్క వరుస ఎఫెక్టివ్ శాంపిల్ ఎంత? 17 అయితే శాతం పక్కనే 17 అని అచ్చువేయమనండి. ఆ అంకె దాచి మన పేరున తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.