1901ని నోటితో ఎలా అన్నాను?

మా నడిగూడెం కోట మీద చిన్న వీడియో చేశా. నేను పలికిన మాట పలికినప్పుడే స్క్రీన్ మీద వెలగాలి. స్క్రిప్టు చేతిలోనే ఉంది కాబట్టి ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకుంటే చాలు. దీన్నే ఫోర్స్‌డ్ అలైన్‌మెంట్ అంటారు.

హైదరాబాద్ భాషానిలయం పుట్టిన '1901' దగ్గర తేడా కొట్టింది. నేను 'పంతొమ్మిది వందల ఒకటి' అన్నా. సాఫ్ట్‌వేర్ దాన్ని 'వెయ్యి తొమ్మిది వందల ఒకటి'గా విప్పుకుంది. ఇచ్చిన ప్రతి మాటనూ ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టడమే దాని పని, 'ఈ మాట ఆడియోలో లేదు' అనదు. అందుకే 'వెయ్యి'ని ఇరికించి, పక్క మాటల్ని జరిపేసింది.

ఎలా దొరికిందంటే, 'వెయ్యి'లో ఒక్కో ధ్వనికీ సరిగ్గా 30 మిల్లీసెకన్లే ఉంది. అది ఆ టూల్ ఇవ్వగలిగే కనీస నిడివి. మనిషి అంత వేగంగా, అంత సమానంగా పలకడు. స్క్రిప్టులో అంకె తీసేసి, నోటితో అన్నట్టే అక్షరాల్లో రాశా. మాటలన్నీ వాటి చోటికొచ్చాయి.