కాలవ కట్ట మీద క్వార్టరు: ఈతగాళ్లే ఎందుకు మునుగుతున్నారు?

ఈసారి పోస్టు విత్తనాల గురించో రేట్ల గురించో కాదు. కోతలు అయ్యాకో, నాట్లు పూర్తయ్యాకో మనోళ్లు కాలవ కట్ట మీద కూర్చుంటారే, దాని గురించి. తాగొద్దని చెప్పడానికి రాయడం లేదు. ఎక్కడ తాగుతున్నాం అన్నదాని గురించే రాస్తున్నా.

కాలవలో ఎవరైనా పోతే ఊళ్లో వినిపించే మాటలు రెండే. "తాగాడు, పడ్డాడు" అని ఒకరంటారు. "అదేంటి, వాడికి ఈత బాగా వచ్చు కదా" అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటలతోనే అక్కడికి వదిలేస్తాం. ఈత వచ్చినోడు ఎందుకు మునిగాడు అని అడగం. నా లెక్కలో అసలు అడగాల్సిన ప్రశ్న అదే.

మనిషి పడకుండా నిలబడటం మూడు కాళ్ల పీట లాంటిది. కళ్లు ఒక కాలు. పాదాల కింద నేల తగులుతుందే, ఆ స్పర్శ రెండో కాలు. చెవి లోపల ద్రవం నిండిన చిన్న గొట్టాలు ఉంటాయి, తల ఎటు వంగిందో మెదడుకి చెప్పేది అవే. అది మూడో కాలు. మందు రక్తంలోకి ఎక్కగానే ఈ మూడో కాలు చెడిపోతుంది. తల కదలకపోయినా తిరుగుతున్నట్టు కబురు పంపుతుంది. తాగి మంచం మీద పడుకుంటే ఇల్లు గిర్రున తిరిగినట్టు ఉంటుందే, అది ఇదే.

మంచం మీద అయితే ప్రాణానికి ముప్పు లేదు. కళ్లు తెరిచి, కాలు నేలకి ఆనిస్తే కాస్త కుదుటపడుతుంది, అంటే మిగతా రెండు కాళ్లు పీటని ఆపుతాయి. అదే మనిషి చీకట్లో బురద కాలవలో పడ్డాడనుకోండి. కళ్లకి ఏమీ కనపడదు. పాదానికి నేల అందదు. మిగిలింది చెవి ఒక్కటే, దాన్ని మందు ముందే పాడుచేసింది. పైకి అనుకుని పక్కకో కిందికో చేతులు ఆడిస్తాడు. ఈత రాక కాదు, పైన ఎటుందో తెలియక మునుగుతాడు. పైగా హఠాత్తుగా నీళ్లలో పడగానే ఎవరైనా ఒక్కసారి గట్టిగా ఊపిరి లాగుతారు. ఆ క్షణంలో మొహం నీళ్లలో ఉంటే లోపలికి వెళ్లేది నీళ్లే.

పిట్టగోడ లేని డాబా మీద రాత్రి పూట జరిగేదీ ఇదే, అక్కడ చీకటి కళ్లని తీసేస్తుంది. చెరువులో తెప్పెక్కితే కాళ్ల కింద ఆధారమే కదులుతుంది. ఎక్కడైనా సరే, ఒక కాలు మందు తీస్తుంది, ఇంకో కాలు ఆ చోటు తీస్తుంది. మిగిలిన ఒంటికాలి మీద పీట ఎంతసేపు నిలబడుతుంది?

ఇక మోతాదు సంగతి. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. లెక్కేస్తే అందులో అచ్చమైన ఆల్కహాలు సుమారు 60 గ్రాములు. శరీరం గంటకి కరిగించేది 7 నుంచి 10 గ్రాములు. అంటే ఒక్క క్వార్టరు పూర్తిగా దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మజ్జిగ తాగినా, నెత్తిన నీళ్లు పోసుకున్నా ఈ లెక్క మారదు. ఇంకో సంగతి, తాగిన వెంటనే పూర్తిగా ఎక్కదు. అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో పెరుగుతూనే ఉంటుంది. "ఇప్పుడు బాగానే ఉన్నా" అని స్నానానికి దిగినోడికి నీళ్లలో ఉండగానే ఎక్కువవుతుంది. పొద్దున్నించీ ఎండలో పని చేసి ఖాళీ కడుపుతో తాగితే ఇంకా తొందరగా ఎక్కుతుంది.

దిగకపోయినా పడేవాళ్లు ఉన్నారు. మందు తాగినోడికి మాటిమాటికీ ఒంటేలు వస్తుంది. లేచి కట్ట అంచుకి పోయి కాలవ వైపు తిరిగి నిలబడతాడు. చాలాసేపు కూర్చుని గబుక్కున లేస్తే బీపీ పడిపోతుంది, మందు దాన్ని ఇంకా దించుతుంది, ఒంటేలు పోసేటప్పుడు మరికాస్త తగ్గుతుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి. అంచున ఉన్న మనిషి ముందుకే పడతాడు. చేపల కోసం తెప్ప మీద పోయినోడు లేచి నిలబడి పోసినా ఇదే గతి.

"మా తాతలు కల్లు తాగి ఈదలేదా?" అని కామెంటు పెట్టేవాళ్లు ఉంటారని తెలుసు. వాళ్లలోనూ పోయినోళ్లు ఉన్నారు, సరే. కానీ తాజా కల్లులో ఉండే ఆల్కహాలు ఎంత, క్వార్టరులో ఉండేది ఎంత? కల్లులో మహా అయితే ఐదారు శాతం. ఇంకోటి, అప్పటి మట్టి కాలవకి గడ్డి ఉండేది, చెట్టు వేరు ఉండేది, పట్టుకోడానికి ఏదో ఒకటి దొరికేది. ఇప్పుడు సిమెంటు లైనింగు. నీటి అంచున నాచు పట్టి సబ్బులా జారుతుంది. సాగర్ కాలవల్లాంటి చోట నీళ్లు వదిలినప్పుడు తాగనోడికే ఎక్కడం కష్టం. పండ్ల తోటల్లో ప్లాస్టిక్ షీటు వేసిన నీటికుంటలు ఇంకా మోసం, ఎంత పాకినా కాలు నిలవదు.

మునిగేవాడు సినిమాలోలాగా కేకలు పెట్టడు. ఊపిరికే దిక్కు లేనప్పుడు అరుపు ఎక్కడిది? నిమిషం లోపే చప్పుడు లేకుండా కిందికి పోతాడు. పక్కనున్నోళ్లూ తాగే ఉంటారు కాబట్టి చూసేసరికి ఆలస్యం. చూసినోడు ఉన్నపళాన దూకుతాడు. అలా ఒక చావు రెండవుతుంది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తా. మనిషిని మార్చడం తర్వాత, ముందు చోటు మారుద్దాం. ముఠా కూర్చునేది కళ్లం దగ్గరో, ఇంటి అరుగు మీదో పెట్టుకుందాం. కాలవకీ బావికీ దూరంగా. స్నానం ముందు, సీసా తర్వాత. సీసా తెరిచాక ఆ రాత్రికి నీళ్లలోకి ఎవడూ దిగకూడదు, మోటారు ఫుట్‌వాల్వు చూడ్డానికి కూడా. తాగనోడు ఒకడైనా ఉండాలి.

కాలవ దగ్గర పొలం ఉన్నోళ్లు షెడ్డులో ఒక మోకు, మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యాను కట్టి ఉంచండి. ఎవరైనా పడితే దూకొద్దు, అది విసరండి. మోకు లేకపోతే పంచె విసరండి, మీరు కట్ట మీద బోర్లా పడుకుని లాగండి. దిగువన మెట్లు ఎక్కడున్నాయో ముందే తెలుసుకోండి, మనిషి కొట్టుకుపోయేది అటే.

బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం మానేయండి. కడుపులోవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి ముందు నోటితో ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదాలి, అలా 108 వచ్చేదాకా ఆపకుండా. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. లేచి కూర్చుని మాట్లాడినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయినోడికి కొన్ని గంటల తర్వాత ఆయాసం ముదరొచ్చు.

మీ ముఠా మేస్త్రీలకి ఇది చదివి వినిపించండి. మీ ఊళ్లో కాలవకి మెట్లు లేని చోటు, గట్టు లేని బావి ఎక్కడున్నాయో కింద రాయండి. ఆ లిస్టు పట్టుకుని పంచాయతీకి వెళ్దాం.